గుండిగ అనుకుంటే ఉగ్గుగిన్నె వచ్చింది

(విశాఖపట్నంలో చేతివృత్తుల వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మే మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం. రికార్డింగు నుంచి రాసుకున్నది.)

అందరికీ నమస్కారం. అక్కయ్యలకి, చెల్లెళ్లకి, వెనక వరసలో కూర్చున్న అన్నయ్యలకి కూడా.

నేను లక్కపిడతలు అమ్ముతాను. ఏటికొప్పాకలో వరాహ నది ఒడ్డున తిరగళ్లు, రోళ్లు, బిందెలు చిన్న చిన్నవి అంకుడు కర్రతో చేసి, లక్క రంగు ఎక్కించి, మొగలి ఆకుతో మెరుపు తెస్తారే, అవి. మా ఇంట్లో ఎవరూ లేతు మీద కూర్చోలేదు. మా వీధిలో చేసేవాళ్ల దగ్గర కొని, పెట్టెలో సర్ది, నెట్టులో అమ్ముతాను. అంతే నా పని. కాబట్టి బొమ్మ ఎలా చెయ్యాలో నేను చెప్పను. ఆ బొమ్మ గురించి రాసిన నాలుగు ముక్కలు, పెట్టిన ఐదు ఫోటోలు నన్ను ఎలా తిప్పలు పెట్టాయో చెప్తాను.

మొన్నటి సంక్రాంతికి ముందు 14 వస్తువుల సెట్టు ఒకటి అమ్మకానికి పెట్టాను. 799 రూపాయలు. బిందె, చెంబు, రెండు గిన్నెలు, వాటికి రెండు మూతలు, పొయ్యి, రోలు, రోకలి, తిరగలి, పెనం, పళ్ళెం, గరిటె, అట్లకాడ. పండక్కి బాగానే అమ్ముడయ్యాయి. ఆ తర్వాత మొదలయ్యాయి వాపసులు. ఒకావిడ రాసింది: "ఫోటోలో చూసి గుండిగ అనుకున్నాను, ఇంటికొచ్చింది ఉగ్గుగిన్నె." (నవ్వులు) నవ్వకండి, నాకు ఆ రోజు అన్నం సయించలేదు. ఇంకొకాయన "సీసా మూతల సెట్టు పంపారు" అన్నాడు. ఒకరైతే కొనకముందే అడిగారు, ఇందులో పప్పు ఉడుకుతుందా అని. అది చదివి వెటకారం అనుకున్నాను. కాదు, ఆయన నిజంగానే అడిగాడు. నేను ఆ ప్రశ్న దగ్గరే మేలుకోవాల్సింది.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు 118 ఆర్డర్లు వచ్చాయి, 27 వెనక్కి వచ్చాయి. ఒకరోజు మధ్యాహ్నం కూర్చుని ఆ 27 కారణాలూ నోటుబుక్కులో రాసుకున్నాను. సైటు వాడు ఇచ్చే కారణం "కస్టమర్‌కి నచ్చలేదు" అని ఉంటుంది, దాంతో ఏమీ తెలియదు. వాళ్లు సొంతంగా టైపు చేసిన మాటే చూడాలి. 19 మంది సైజు గురించే రాశారు.

అసలు సంగతి ఏంటంటే, అప్పటికే నేను వివరణలో కొలత రాసేశాను. జనవరి ఆఖర్లోనే "బిందె ఎత్తు 6.5 సెంటీమీటర్లు" అని చేర్చాను. రాశాను కదా, చదువుకోకపోతే నా తప్పా అని మా ఆయన దగ్గర గట్టిగానే అరిచాను. తర్వాత మా పక్కింటి పిన్నికి ఫోన్ ఇచ్చి, "పిన్నీ, ఇది కొనాలనుకుంటే ఎలా చూస్తావో చూడు" అన్నాను. ఆవిడ మొదటి ఫోటో చూసింది, వేలితో రెండో ఫోటో, మూడోది చూసింది, ధర చూసింది, రేటింగు చుక్కలు ఎన్ని ఉన్నాయో చూసింది. "కొనేస్తాను" అంది. వివరణ దాకా కిందికి జరపనే లేదు. "సైజు ఎంతుంటుంది పిన్నీ?" అని అడిగితే రెండు చేతులూ ఇంత దూరం పెట్టి చూపించింది. జానెడు.

అప్పుడు కొలత ఎక్కడుందో చూపించాను. ఆవిడ వెతికి వెతికి నా వాక్యం కాకుండా ఇంకో చోటు చదివింది. "22 ఇంటూ 16 ఇంటూ 8 సెంటీమీటర్లు అని ఉంది కదే" అంది. నా గుండె జారిపోయింది. అది బిందె కొలత కాదు, సెట్టు పెట్టి పంపే అట్టపెట్టె కొలత. వివరాలు నింపేటప్పుడు వస్తువు కొలతలు అని ఒక గడి, ప్యాకింగ్ కొలతలు అని ఇంకో గడి ఉంటాయి. నేను రెండింట్లోనూ పెట్టె కొలతే కొట్టాను. అంటే ఏమీ చదవనివాళ్లు ఫోటో చూసి మోసపోయారు. జాగ్రత్తగా చదివినవాళ్లు నా అంకె చూసి మోసపోయారు. ఇంటికెళ్లగానే మీ లిస్టింగుల్లో ఈ గడి ఒకసారి చూసుకోండి. కొరియర్ వాడికి కావాల్సిన అంకె కొనేవాళ్ల కంట పడుతోందేమో.

ఇప్పుడు ఫోటోల సంగతికి వస్తాను. ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే నేను ఎక్కువ డబ్బు పోగొట్టుకుంది ఇక్కడే.

ఫోటోలు మా మేనల్లుడు తీశాడు. బాగా తీశాడు, అదే చిక్కు. వాడు ఫోనుని నేల మీద ఆనించి, బిందెకి జానెడు దూరంలో పెట్టి తీశాడు. ఫోటోలో బిందె మన కళ్లకి ఎదురుగా, కాస్త పైకి నిలబడి ఉంటుంది. బొమ్మని మనం అలా ఎప్పుడూ చూడం కదా. బొమ్మ కింద ఉంటుంది, మనం పైనుంచి చూస్తాం. ఎదురుగా, కింది నుంచి చూసేది గుడి గోపురాన్నో, నీళ్ల ట్యాంకునో. ఆ కోణంలో అగ్గిపెట్టె పెట్టినా మేడలాగే కనిపిస్తుంది.

దానికి తోడు, అందం కోసం కింద అరిటాకు వేశాడు. అది ఆకు చివర కోసిన ముక్క, నా చెయ్యంత ఉంటుంది. ఫోటోలో మాత్రం చక్కగా పూర్తి అరిటాకులా ఉంది. భోజనానికి వేసే ఆకు ఎంతుంటుందో ప్రతి తెలుగువాడికీ తెలుసు. ఆ ఆకు మీద సగం దాకా ఉన్న బిందె అంటే ఇక ఎంత పెద్దదో లెక్క వాళ్లే కట్టుకున్నారు. పక్కనే ఇంకో చిన్న ఇత్తడి దీపం పెట్టాడు. అది కూడా బొమ్మ దీపమే. చిన్న వస్తువు పక్కన చిన్న వస్తువు పెడితే రెండూ మామూలు సైజులో కనిపిస్తాయి.

ఇంకా ఒక మెలిక ఉంది, అది మా సరుకుకే ప్రత్యేకం. మీరు చెవి జూకాలు అమ్మితే, జూకా ఎంతుంటుందో కొనేవాళ్లకి తెలుసు. రోలు ఎంతుంటుందో కూడా వాళ్లకి తెలుసు. అమ్మమ్మ ఇంట్లో చూసి ఉంటారు. బొమ్మ రోలు ఎంత బాగా కుదిరితే అంతగా అసలు రోలే మనసులోకి వస్తుంది. పనివాడి నైపుణ్యమే సైజుని తప్పుగా చూపిస్తుంది. కొండపల్లి బొమ్మలో ఎడ్లబండి అమ్మేవాళ్లకీ ఇదే బాధ.

పోనీ మొదటి ఫోటోలోనే చిన్నదని తెలిసేలా ఏదైనా పెడదామా అంటే కుదరదు. నేను అమ్మే సైటులో మొదటి ఫోటో తెల్లటి నేపథ్యం మీద ఉండాలి, అమ్మే వస్తువు తప్ప ఇంకేమీ ఉండకూడదు, వస్తువు ఫ్రేములో 85 శాతం నిండాలి. అంటే 6 సెంటీమీటర్ల బిందె, 60 సెంటీమీటర్ల బిందె తెర మీద ఒకేలా ఉంటాయి. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. మొదటి ఫోటో సైజు చెప్పదు, చెప్పలేదు. ఆ పని టైటిల్, రెండో ఫోటో చెయ్యాలి.

మే నెలలో రెండో ఫోటోగా అరచేతిలో బిందె పెట్టి తీయించాను. హమ్మయ్య, అయిపోయింది అనుకున్నాను. ఫిర్యాదులు తగ్గాయి, ఆగలేదు. ఒకావిడ కోపంగా, "చేతిలో కూడా పెద్దగానే చూపించారు కదా" అని రాసింది. ఆ ఫోటో మళ్లీ తెరిచి చూశాను. ఆ చెయ్యి ఎవరిది? మా మేనకోడలిది. దానికి ఎనిమిదేళ్లు. చేతికి గాజులు వేసుకుంది, గోరింటాకు పెట్టుకుంది, మణికట్టు దగ్గర ఫోటో కత్తిరించాం. చూసేవాళ్లకి అది పెద్దవాళ్ల చెయ్యే. చెయ్యి పెట్టాలన్నంత వరకే ఆలోచించాను, ఎవరి చెయ్యో ఆలోచించలేదు.

అంతేకాదు, ఆ పిల్ల బిందెని వేళ్ల చివర పట్టుకుని ఫోను వైపు చాపింది. ఇక్కడ చిన్న లెక్క ఉంది, భయపడకండి. బిందె ఫోనుకి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంది. అరచెయ్యి వెనకాల 30 సెంటీమీటర్ల దూరంలో ఉంది. దగ్గరున్నది పెద్దగా పడుతుంది. 30ని 20తో భాగిస్తే ఒకటిన్నర. అంటే అరచేతితో పోలిస్తే బిందె ఉండాల్సినదానికి ఒకటిన్నర రెట్లు కనిపించింది. అదే ఫోనుతో మీరు మీటరు వెనక్కి వెళ్లి, అక్కణ్ణుంచి జూమ్ చేసి తీశారనుకోండి. బిందె 100 సెంటీమీటర్ల దూరంలో, చెయ్యి 110లో ఉంటే తేడా పదో వంతే. బిందెని అరచేతి గుంటలో ఆనించి పెడితే ఆ కాస్త కూడా పోతుంది. ఫోను దగ్గరికి తీసుకెళ్లకండి, మీరు వెనక్కి జరగండి. కెమెరా కొనక్కర్లేదు.

జూన్ మొదటి వారంలో లిస్టింగు మొత్తం తిరగరాశాను. ఏం మార్చానో వరసగా చెప్తాను. సైటులో ఇంగ్లీషులో ఉంటుంది, మీకు తెలుగులో చెప్తున్నాను.

పాత టైటిల్: "ఏటికొప్పాక చెక్క వంట సామాను సెట్టు, సంప్రదాయ పూర్తి వంటగది, 14 పీసులు." ఇది చదివితే పప్పు ఉడుకుతుందా అని అడగడం తప్పా? ఫోనులో వెతికినప్పుడు టైటిల్‌లో మొదటి ఐదారు మాటలే కనపడతాయి. ఆ ఐదారులో నేను పెట్టిన మాటలు చెక్క, వంట సామాను. బొమ్మ అన్న మాటే లేదు. కొత్త టైటిల్: "చిన్న బొమ్మ లక్కపిడతలు, బిందె ఎత్తు 6.5 సెం.మీ. (రెండున్నర అంగుళాలు), ఏటికొప్పాక, ఆడుకోవడానికి, బొమ్మల కొలువుకి." ఆ "చిన్న" అన్న మాట ముందు పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. మన సరుకుని మనమే చిన్నబుచ్చుకున్నట్టు అనిపించింది. కానీ కొలువు పెట్టేవాళ్లు, పిల్లలకి కొనేవాళ్లు కావాల్సిందే చిన్నవి.

అంగుళాలు ఎందుకు రాశానంటే, మా పిన్ని లాంటివాళ్లకి సెంటీమీటరు బడిలో స్కేలు మీద ఉండేది. తలుపు, బల్ల, చీర అంచు అన్నీ అంగుళాల్లోనే మాట్లాడతారు. రెండూ రాస్తే పోయేదేముంది.

రెండో ఫోటోలో 14 వస్తువులూ ఒక చదునైన బల్ల మీద పరిచి, నేరుగా పైనుంచి తీశాను. పక్కనే పది రూపాయల బిళ్ల. అది అడ్డంగా 27 మిల్లీమీటర్లు, ఎక్కడ చూసినా అంతే ఉంటుంది, అందరి చేతిలోనూ ఆడుతుంది. స్టీలు గ్లాసు పెడదామనుకున్నాను కానీ ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. ఏటీఎం కార్డు కూడా అన్నీ ఒకే కొలత, కానీ నంబరు కనపడుతుంది, ఆ టెన్షన్ మనకెందుకు. బిళ్ల వస్తువుల వెనకా ముందూ కాకుండా అదే బల్ల మీద, వాటి పక్కనే ఉండాలి. ఇందాక చెప్పిన దూరం లెక్క దీనికీ వర్తిస్తుంది.

మూడో ఫోటో నా అరచెయ్యి, మోచేతి దాకా కనిపించేలా. నాలుగోది ఐదేళ్ల పిల్ల నేల మీద కూర్చుని ఆడుకుంటుంటే, నిలబడి పైనుంచి తీసింది. మేనల్లుడి అరిటాకు ఫోటో తీసెయ్యలేదు. అందంగా ఉంది, వాడు కష్టపడ్డాడు. ఆఖర్న పెట్టాను. అప్పటికి నాలుగు ఫోటోలు చూసి వస్తారు కాబట్టి ఇబ్బంది లేదు.

సెట్టుకి ఒకే కొలత చెప్తే సరిపోదని కూడా తెలిసింది. బిందె 6.5 అంటే మిగతావన్నీ అంతే అనుకుంటారు. నా సెట్టులో చెంబు 3.5, రోలు 4, గిన్నె మూత అడ్డంగా 2.4 మాత్రమే. 14 వస్తువుల్లో రెండు మూతలేనని ఒకాయన ఎత్తిపొడిచాడు. నిజమే, లెక్కలో మూతలు కలిపాం. అందుకే ఇప్పుడు ప్రతి వస్తువు పేరు, పక్కన కొలత, మూతలతో కలిపి 14 అన్న మాట, అన్నీ రాశాను.

మూత 2.4 అన్నది రాయడానికి ఇంకో కారణం ఉంది. ఏడాదిన్నర పిల్లాడికి కొన్న తల్లి ఒకావిడ మూత చూసి హడలిపోయి వెనక్కి పంపింది. బొమ్మల భద్రత పరీక్షలో ఒక చిన్న గొట్టం వాడతారు, వ్యాసం 3.2 సెంటీమీటర్ల లోపు. అందులో పూర్తిగా పట్టేది మూడేళ్ల లోపు పిల్లల గొంతులో ఇరుక్కునే ప్రమాదం ఉందని లెక్క. నా మూత అందులో దర్జాగా పడిపోతుంది. ఫోటోలో పెద్దగా కనిపించిందంటే డబ్బు నష్టం ఒక్కటే కాదన్నమాట. ఇప్పుడు "మూడేళ్ల లోపు పిల్లలకి ఇవ్వకండి" అన్నది వివరణలో మొదటి వరసలో ఉంది. హస్తకళల విభాగంలో నమోదైన పనివాళ్లు చేసి అమ్మే బొమ్మలకి బీఐఎస్ నాణ్యతా గుర్తు నుంచి మినహాయింపు ఉంది. కానీ మినహాయింపు ఉంది కదా అని మూత పెద్దదైపోదు.

ఒక అక్కయ్య ఇందాక బయట అడిగారు, "చిన్నదని రాస్తే వాపసు తీసుకోనక్కర్లేదా" అని. సరిగ్గా చూపించి, సరిగ్గా రాసి ఉంటే మీరు పెట్టుకున్న వాపసు నియమం ప్రకారం నడుచుకోవచ్చు. కానీ చూపించినదానికీ పంపినదానికీ పొంతన లేకపోతే తీసుకోనని చెప్పే హక్కు అమ్మేవాళ్లకి లేదు. 2020లో వచ్చిన వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నియమాల్లో అది స్పష్టంగా ఉంది. అరిటాకు ఫోటో పెట్టుకుని కింద చిన్న అక్షరాల్లో 6.5 అని రాశానని వాదించడానికి నాకైతే ధైర్యం చాలదు.

సరే, ఫలితం. ఇక్కడ మీకు తీపి కబురు చెప్పలేను. జూన్ నుంచి ఆగస్టు వరకు 86 ఆర్డర్లే వచ్చాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు 118. మొదటి పదిహేను రోజులైతే లిస్టింగు పాతదే పెట్టేద్దామా అని వేలు బటన్ దాకా వెళ్లింది. వాపసులు మాత్రం 27 నుంచి 7కి పడ్డాయి. ఆ ఏడులో సైజు అన్నవాళ్లు ఇద్దరే.

లెక్క వేద్దాం. ముందు 118లో 27 పోతే కొన్నవాళ్ల దగ్గర నిలిచినవి 91. ఇప్పుడు 86లో 7 పోతే 79. అంటే 12 సెట్లు తక్కువ అమ్మాను. సెట్టుకి నాకు మిగిలేది 180. 2,160 పోయింది. వాపసులు 20 తగ్గాయి. ఒక్కో వాపసుకి రానుపోను రవాణా, కొత్త పెట్టె కలిపి నాకు 150 పడేది. 3,000 మిగిలింది. మూడు నెలలకి లాభం 840 రూపాయలు. (నవ్వులు) అవును, అంతే. వెనక్కి వచ్చినవాటిలో లక్క గీసుకుపోయి మళ్లీ అమ్మలేనివి నేను లెక్కలో వెయ్యలేదు. వేస్తే ఇంకాస్త పెరుగుతుంది. రాత్రి ఫోన్ తెరవడానికి భయం పోయింది, దానికి ఎంత వెయ్యాలో మీరే చెప్పండి.

పాత లిస్టింగు తీసేసి కొత్తది పెడితే చెడ్డ రివ్యూలు పోతాయి కదా అని కొందరు సలహా ఇచ్చారు. అదే వస్తువుని రెండోసారి పెట్టడం నేను అమ్మే చోట కుదరదు, పట్టుబడితే రెండూ తీసేస్తారు. అందుకని ఉంచేశాను. కిందున్న "చాలా చిన్నవి" అన్న పాత రివ్యూలే ఇప్పుడు నా టైటిల్‌కి సాక్ష్యం చెప్తున్నాయి. చుక్కలు మాత్రం 3.6 నుంచి 3.9కే ఎక్కాయి. అవి మెల్లగానే కదులుతాయి.

సైజు బాలేదని వెనక్కి పంపినవాళ్లలో కొందరికి ఫోన్ చేశాను. పెద్ద సెట్టు ఉంటే కొంటామన్నారు. మా వీధిలో మామయ్య దగ్గరికెళ్లి "బిందె రెట్టింపు ఎత్తు చేస్తావా" అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూశాడు. ఎత్తు రెట్టింపైతే వెడల్పు, లోతు కూడా రెట్టింపే. కర్ర ముక్క ఎనిమిది రెట్లు కావాలి. అంత లావు అంకుడు దుంగ దొరకడం కష్టం, దొరికినా లోపలి తేమ ఆరడానికి ఎక్కువ కాలం పడుతుంది, తొందరపడితే పగులుతుంది. ఒక్క బిందె మాత్రం చేసిచ్చాడు. దాన్ని విడిగా, దాని అరచేతి ఫోటోతో అమ్ముతున్నాను. సెట్టుతో కలపలేదు, కలిపితే మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకొక్కటి చెప్పి దిగిపోతాను. చేత్తో చేసేవి కాబట్టి బిందెలన్నీ సరిగ్గా 6.5 రావు. కొన్ని 6.2 వస్తాయి, కొన్ని 6.8. ఇన్ని దెబ్బలు తిన్నాక నేను తెలివిగా, ఉన్నవాటిలో చిన్నదాని కొలత రాద్దాం, పెద్దది వెళ్తే సంతోషిస్తారు అనుకున్నాను. ఆగస్టులో టైటిల్ 6.2 అని మార్చాను. వారం తిరగలేదు, హైదరాబాదు నుంచి ఒకావిడ సెట్టు వెనక్కి పంపింది. దసరా కొలువుకి మెట్ల మధ్య ఖాళీ 6.5 ఉండేలా చేయించుకుందట. నా అంకె చూసి కొంది. వెళ్లిన బిందె 6.8. మెట్టు కింద పట్టలేదు. ఇప్పుడు "6.2 నుంచి 6.8 వరకు" అని ఉంటుంది.